లక్ష్యం మగ్గం దగ్గర మొదలవ్వాలి

*షాపు పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్తగా బిజినెస్ ఖాతా తెరిచారు. మొదటి మూడు నెలల్లో ఎంత ఆశించాలి? దేన్ని లెక్కపెట్టాలి? ఏది చూసి కొనసాగించాలో మానేయాలో తేల్చుకోవాలి? అమీర్‌పేట మగ్గం వర్క్ బొటిక్ ఉదాహరణగా ఈ వారం ముఖచిత్ర కథనం.*

రెడ్ లైన్, బ్లూ లైన్ కలిసే అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగితే ఒకవైపు మైత్రీవనం దాకా కోచింగ్ సెంటర్ల బోర్డులు, మరోవైపు బట్టల షాపులు కనిపిస్తాయి. అక్కణ్నుంచి ఒక్క స్టేషన్ దాటితే పంజాగుట్ట. అక్కడ నగల షోరూములు, పట్టుచీరల షోరూములు. చీర కొన్నవాళ్లకి వెంటనే కావాల్సింది బ్లౌజు. అందుకే ఈ రెండు స్టేషన్ల మధ్య సందుల్లో, అపార్ట్‌మెంట్ల మొదటి అంతస్తుల్లో టైలర్లు, మగ్గం వర్క్ చేసే బొటిక్‌లు కనిపిస్తూనే ఉంటాయి.

రోడ్డు మీదికి బోర్డు కనిపించని ఇలాంటి షాపుకి ఇప్పుడు ఫోనే బోర్డు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది. కుట్టిన బ్లౌజుని అర నిమిషం వీడియోలో చూపించడం అప్పట్నుంచి చిన్న షాపులకీ అలవాటైంది. ఖాతా తెరవడానికి ఖర్చేమీ లేదు. చిక్కంతా ఆ తర్వాతే. 'మూడు నెలల్లో పదివేల ఫాలోవర్లు' అని గోడ మీద రాసుకుని మొదలుపెట్టే షాపులే ఎక్కువ. ఆ పదివేలు ఎందుకు, అయిదు వేలైతే ఏమవుతుంది అని అడిగితే జవాబు ఉండదు. పక్క షాపు ఖాతాలో కనిపించిన అంకె ఇక్కడ లక్ష్యమై కూర్చుంటుంది.

ఇలాంటి షాపుకి పనికొచ్చే అంకె వెనక గదిలో, మగ్గం దగ్గర దొరుకుతుంది. ఒక షాపుని ఊహించుకుని ఆ లెక్క మొదట్నుంచి వేసి చూద్దాం. ఇందులోని అంకెలన్నీ ఉదాహరణకి తీసుకున్నవే. మీ షాపు అంకెలు పెట్టుకుని మీరూ ఇదే వరసలో వేసుకోవచ్చు.

ఖాళీ ఎంతుందో ముందు చూడాలి

మన ఊహల షాపులో రెండు మగ్గాలు, ఇద్దరు కారిగర్లు, కటింగు చేసే మాస్టరు ఒకరు, యజమానురాలు. ఓ మోస్తరు డిజైను, అంటే మెడకీ చేతులకీ జర్దోసీ, పూసల పని ఉన్న బ్లౌజు మగ్గం మీద రెండు రోజులు పడుతుంది. నెలకి 26 పనిదినాలు. ఒక్కో మగ్గం మీద 13, రెండింటి మీద 26 బ్లౌజులు. ఈ షాపు నెలకి చేయగలిగేది అంతే.

పాత కస్టమర్లు, వాళ్లు చెప్పి పంపినవాళ్లు కలిపి నెలకి సగటున 16 బ్లౌజులు ఇస్తున్నారు. మిగిలింది 10. కొత్త ఖాతా తీసుకురావాల్సిన పని ఎంత ఎక్కువైనా నెలకి ఈ పదే. ఇంకో పది వచ్చినా కుట్టే చేతులు లేవు. ఫాలోవర్లు పదివేలు కావాలా, లక్ష కావాలా అన్న ప్రశ్నకి ఇక్కడ చోటే లేదు.

ఈ పదిని వెనక్కి లెక్కగట్టాలి. ఒక ఆర్డరు రావాలంటే చీర పట్టుకుని మనిషి షాపుకి రావాలి. రావాలంటే ముందు వాట్సాప్‌లో రేటు, టైము అడగాలి. అడిగినవాళ్లలో ముగ్గురికి ఒకరు షాపుకి వస్తారని, వచ్చినవాళ్లలో ఇద్దరికి ఒకరు ఆర్డరిస్తారని అనుకుందాం. అప్పుడు ఒక ఆర్డరుకి ఆరు ఎంక్వైరీలు కావాలి. పది ఆర్డర్లకి 60, అంటే రోజుకి రెండు.

నిన్న తెరిచిన ఖాతాకి రోజుకి ఇద్దరు కొత్తవాళ్లు, అదీ ఊళ్లో ఉండి షాపుకి రాగలిగినవాళ్లు మెసేజ్ పెట్టడం మాటలు కాదు. అందుకే లక్ష్యాన్ని ఒకే అంకెగా కాక మూడు మెట్లుగా రాసుకోవాలి. మూడో నెలలో ఖాతా ద్వారా మూడు ఆర్డర్లు వస్తే చాలు, ఖాతా నిలబడ్డట్టే. ఆరు వస్తే అనుకున్నది సాధించినట్టు. పది దాటితే మగ్గం ఖాళీ లేదు కాబట్టి ప్రచారం ఆపాలి. ఈ పై గీత చాలామంది గీసుకోరు. గీసుకోని షాపుల్లోనే పెళ్లి ముందురోజు రాత్రి దాకా బ్లౌజు మగ్గం మీదే ఉంటుంది. ఇచ్చిన తేదీ తప్పిందంటే ఖాతా తెచ్చిన పేరు ఖాతాలోనే, కామెంట్ల కింద పోతుంది.

మూడు నెలలకీ ఒకే కొలత కుదరదు

మొదటి నెలలో ఫలితానికి లక్ష్యం పెట్టుకోకూడదు. ముగ్గురికి ఒకరు, ఇద్దరికి ఒకరు అని పైన వేసుకున్నది ఊహ. అది నిజమో కాదో తెలుసుకోవడమే మొదటి నెల పని. కాబట్టి ఈ నెల లక్ష్యాలు మన చేతిలో ఉన్న పనులకే ఉండాలి. వారానికి మూడు చొప్పున 12 పోస్టులు. మెసేజ్ పెట్టిన ప్రతివాళ్లకీ అదే రోజు జవాబు. ప్రతి ఎంక్వైరీ పుస్తకంలోకి ఎక్కడం. ఈ మూడూ జరిగితే మొదటి నెల నెగ్గినట్టే, ఒక్క ఆర్డరు రాకపోయినా సరే.

పన్నెండు పోస్టులంటే తక్కువ పనేమీ కాదు. కారిగర్ చేతిలో ఆరీ సూది ఆడుతుండగా తీసే వీడియోకి, పూర్తయిన బ్లౌజుని కిటికీ వెలుతురులో వెనక మెడ కనిపించేలా తీసే ఫొటోకి, రాతకి కలిపి పోస్టుకి గంటన్నర అనుకోవచ్చు. నెలకి 18 గంటలు. ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. బిజినెస్ ఖాతాకి హిట్ సినిమా పాటలు మామూలుగా అందుబాటులో ఉండవు, వ్యాపారానికి వాడుకునే హక్కున్న సంగీతమే ఉంటుంది. పాట ఊపు మీద రీల్ పరుగెడుతుందని లెక్క వేసుకుంటే మొదటి వారమే తేడా కొడుతుంది. యజమానురాలే స్వయంగా మాట్లాడుతూ, ఈ డిజైను ఎన్ని రోజులు పట్టింది, రేటు ఎంత నుంచి ఎంత దాకా అని చెప్పే వీడియోలతోనే పని జరగాలి.

రెండో నెల నుంచి ఫలితానికి లక్ష్యం. మన షాపు రెండో నెలకి 18 ఎంక్వైరీలు, మూడు ఆర్డర్లు, మూడో నెలకి 36 ఎంక్వైరీలు, ఆరు ఆర్డర్లు అని రాసుకుంది.

ఇక్కడ పంచాంగం కూడా తీసి చూసుకోవాలి. ఈ షాపు ఆషాఢంలో ఖాతా తెరిచిందనుకుందాం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, షోరూముల్లో డిస్కౌంట్లు నడుస్తాయి, చీరలు కొని దాచుకుంటారు. శ్రావణంలో పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం, టైలరుకి నిద్ర ఉండదు. భాద్రపదం శూన్యమాసం. ఈ మూడు నెలల్లో ఖాతా ఏమీ చేయకపోయినా షాపు లెక్క పెరిగి తగ్గుతుంది. రెండో నెల పెరిగిందని ఖాతాని మెచ్చుకోవడం, మూడో నెల తగ్గిందని తిట్టుకోవడం రెండూ తొందరపాటే. దీనికి విరుగుడు ఒకటుంది. పాత కస్టమర్ల ఆర్డర్లను, ఖాతా ద్వారా వచ్చినవాటిని వేర్వేరుగా రాయడం. సీజను రెండింటినీ ఒకేలా తాకుతుంది. ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూస్తేనే ఖాతా పని తెలుస్తుంది.

ఆరు గడుల పుస్తకం

ఖాతాని బిజినెస్‌కి మార్చాక ఇన్‌సైట్స్‌లో బోలెడన్ని అంకెలు కనిపిస్తాయి. మార్చకముందు పెట్టిన పోస్టులకి ఈ లెక్కలు రావు కాబట్టి మొదటి పోస్టుకి ముందే మార్చుకోవాలి. ఆ అంకెల్లో చాలావాటిని వదిలేయొచ్చు. వారానికోసారి, ఆదివారం పూట, పుస్తకంలో ఆరే గడులు నింపితే చాలు:

1. ఈ వారం పెట్టిన పోస్టులు
2. సేవ్‌లు, షేర్లు
3. కొత్త ఎంక్వైరీలు, అందులో ఊళ్లోవాళ్లు ఎందరు
4. షాపుకి వచ్చినవాళ్లు
5. ఆర్డర్లు, అవి ఏ వారం ఎంక్వైరీ నుంచి వచ్చాయి
6. ఇచ్చిన తేదీకి అందని బ్లౌజులు

లైకులకి ఇక్కడ గడి లేదు. లైక్ కొట్టడానికి బ్లౌజు కుట్టించుకునే ఆలోచన ఉండక్కర్లేదు. సేవ్ చేసుకోవడం వేరు. పెళ్లి కుదిరిన అమ్మాయి డిజైను దాచుకుంటుంది, అక్కకి పంపి 'ఇది బావుందా' అని అడుగుతుంది. బ్లౌజు వ్యాపారంలో సేవ్, షేర్ రెండూ ఆర్డరుకి ముందు నడిచే అడుగులు. వ్యూస్ కూడా అంతే జాగ్రత్తగా చదవాలి. 2024 నుంచి ఇన్‌స్టాగ్రామ్ అన్ని రకాల పోస్టులకీ వ్యూస్‌నే ప్రధాన కొలతగా చూపిస్తోంది. ఒకే మనిషి నాలుగుసార్లు చూస్తే అవి నాలుగు వ్యూస్. ఎంతమంది చూశారన్నది రీచ్‌లో ఉంటుంది.

మూడో గడి తప్పుల్లేకుండా నిండాలంటే ఎంక్వైరీ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలి. వాట్సాప్ బిజినెస్ నంబరుకి ఒక లింకు తయారుచేసి ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్లో పెట్టుకోవచ్చు. నొక్కినవాళ్లకి చాట్ తెరుచుకుని, మెసేజ్ గడిలో INSTA అన్న మాట ముందే సిద్ధంగా ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=INSTA
```

ఎక్స్‌ల స్థానంలో షాపు నంబరు రాయాలి. ఆ మాటతో మొదలైన ప్రతి చాట్‌కీ వాట్సాప్ బిజినెస్‌లో ఒక లేబుల్ తగిలిస్తే నెలాఖరున లెక్క చేతికొస్తుంది.

నాలుగో గడి మాత్రం కౌంటర్ దగ్గరే నిండాలి. 'మా షాపు ఎలా తెలిసింది మేడమ్?' అని అడిగితే చాలాసార్లు 'మా ఫ్రెండ్ చెప్పింది' అన్న జవాబే వస్తుంది. ఆ ఫ్రెండ్ పంపింది మీ రీలే కావచ్చు. అంతకంటే గట్టి సాక్ష్యం కస్టమరు ఫోన్లో ఉంటుంది. మగ్గం వర్క్ కోసం వచ్చినవాళ్లు మాటల్తో చెప్పరు, ఫోను తీసి స్క్రీన్‌షాట్ చూపించి 'మాస్టర్, ఇలా కావాలి' అంటారు. చాలాసార్లు ఆ స్క్రీన్‌షాట్ పైఅంచున ఖాతా పేరు కూడా ఉంటుంది. అది మీ ఖాతా పేరైతే పుస్తకంలో రాసుకోండి. వేరే ఖాతాదైతే ఆ డిజైను ఏమిటో రాసుకోండి, వచ్చే వారం ఏ వీడియో తీయాలో అది చెబుతుంది.

మూడు నెలల లెక్క, వరసగా

మన షాపు పుస్తకం ఇలా నిండిందనుకుందాం.

ఆషాఢం. 12 పోస్టులూ పడ్డాయి. ఎంక్వైరీలు 14, షాపుకి వచ్చినవాళ్లు ముగ్గురు, ఆర్డరు ఒకటి. పద్నాలుగింట్లో మూడంటే అనుకున్న దానికంటే బాగా తక్కువ. రేటు ఎక్కువైందేమో, తగ్గిద్దామా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మూడో గడిలో రెండో సగం చూస్తే సంగతి తేలిపోతుంది. పద్నాలుగు మందిలో ఆరుగురు వేరే ఊళ్లవాళ్లు. షాపు ఎక్కడో తెలియక అడిగినవాళ్లే. ఊళ్లోవాళ్లు ఎనిమిది మందిలో ముగ్గురు వచ్చారు, అంటే ఊహ దాదాపు సరిపోయింది. రేటు జోలికి వెళ్లక్కర్లేదు. ప్రొఫైల్ పేరు పక్కన 'అమీర్‌పేట, హైదరాబాద్' అని చేర్చి, ప్రతి వీడియో మొదటి మాటలోనే ఊరు చెబితే సరిపోతుంది.

శ్రావణం. ఒక రీల్‌ని డబ్బు పెట్టి బూస్ట్ చేశారు. షాపు చుట్టూ కొన్ని కిలోమీటర్ల వరకే చూపించేలా పెట్టి 2,000 ఖర్చు చేశారు, 18 శాతం జీఎస్టీతో 2,360. ఎంక్వైరీలు 22, అందులో ఊళ్లోవాళ్లు 18, వచ్చినవాళ్లు ఏడుగురు, ఆర్డర్లు నాలుగు. పాత కస్టమర్లు 20 ఇచ్చారు. మొత్తం 24. మగ్గం 26 దగ్గర ఆగుతుంది కాబట్టి నెల మధ్యలోనే బూస్ట్ ఆపేశారు. ఆరో గడిలో సున్నా ఉందంటే ఆ ఆపేసిన పుణ్యమే.

భాద్రపదం. ఎంక్వైరీలు 19, ఊళ్లోవాళ్లు 16, వచ్చినవాళ్లు అయిదుగురు, ఆర్డర్లు మూడు. శ్రావణంలో అడిగి, రద్దీ తగ్గాక వస్తామన్న ఒకావిడ ఆర్డరు కూడా ఇప్పుడే వచ్చింది. మొత్తం నాలుగు. లక్ష్యం ఆరు, అందుకోలేదు. అయితే వేరుగా రాసుకున్న పాత కస్టమర్ల లెక్క చూడండి: 20 నుంచి 9కి పడిపోయింది. సగానికి పైగా తగ్గిన నెలలో ఖాతా ఆర్డర్లు నాలుగు దగ్గరే నిలిచాయి. ఆరు రాలేదన్న ఒక్క ముక్కే చూసి ఖాతా మూసేస్తే పొరపాటయ్యేది.

ఇక డబ్బు. బ్లౌజుకి 3,500 తీసుకుంటే సరుకు, కూలి పోగా 1,500 మిగులుతుందనుకుందాం. మూడు నెలల్లో ఖాతా తెచ్చిన తొమ్మిది ఆర్డర్లకి 13,500. బూస్ట్ ఖర్చు 2,360 తీసేస్తే 11,140. పోస్టుల మీద పెట్టిన సమయం 54 గంటలు. గంటకి సుమారు 206 రూపాయలు. ఆ గంటలో యజమానురాలు ఇంకే పని చేసి ఉంటే ఎంత వచ్చేదో దీని పక్కన పెట్టి చూసుకోవాలి. ఆ పోలికే ఖాతాకి అసలు తీర్పు.

అంకెలు మోసం చేసే చోట్లు

మొదటిది, చుట్టాలు. ఖాతా తెరిచిన రోజే బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫాలో అవుతారు. డబ్బిచ్చి ఫాలోవర్లను కొనే షాపులూ ఉన్నాయి. వాళ్లెవరికీ మగ్గం వర్క్ మీద ఆసక్తి లేక పోస్టులు చూసీ చూడకుండా దాటేస్తారు. దాంతో ఆ పోస్టు ఎవరికి నచ్చుతుందన్న సంకేతం ఇన్‌స్టాగ్రామ్‌కి తప్పుగా వెళ్తుంది. ఫాలోవర్లు వంద దాటాక వాళ్లు ఏ ఊళ్లవాళ్లో ఇన్‌సైట్స్‌లో కనిపిస్తుంది. అక్కడ హైదరాబాద్ పైన లేకపోతే ఫాలోవర్ల సంఖ్య ఎంత పెరిగినా ఆనందించాల్సింది లేదు.

రెండోది, ఒక్కసారిగా పరుగెత్తిన రీల్. కారిగర్ చేతి వేగం చూసి ముచ్చటపడి దేశమంతా చూస్తుంది. వ్యూస్ వేలల్లో పెరుగుతాయి, మూడో గడిలో ఊళ్లోవాళ్ల అంకె కదలదు. అలాంటి వారాన్ని పుస్తకంలో గుర్తు పెట్టి పక్కన పెట్టాలి. దాన్ని కలిపి సగటు తీస్తే వచ్చే నెల లక్ష్యం గాల్లో తేలుతుంది.

మూడోది, చిన్న అంకెలు. ఒక వారం ముగ్గురు వచ్చి, మరుసటి వారం ఒక్కరే వస్తే ఖాతా పడిపోయిందని అర్థం కాదు. వాన పడి ఉండొచ్చు, అమావాస్య వచ్చి ఉండొచ్చు. ఇంత చిన్న అంకెల్ని వారం వారం రాసుకోవాలి గానీ తీర్పు నాలుగేసి వారాలు కలిపే ఇవ్వాలి. పోస్టు తీరు, రేటు, బూస్ట్ మూడూ ఒకే నెలలో మార్చినా ఏది పనిచేసిందో తెలియదు. నెలకి ఒక్కటే మార్చాలి.

నాలుగోది, కామెంట్లలో 'ప్రైస్ ప్లీజ్'. దానికి 'మెసేజ్ చేయండి' అని జవాబిస్తే అడిగినవాళ్లలో చాలామంది అక్కడితో ఆగిపోతారు. కామెంటు కిందే 'ఈ పనికి 3,500 నుంచి, మీ డిజైన్ని బట్టి' అని రాసేస్తే ఎంక్వైరీలు తగ్గవచ్చు. కానీ రేటు తెలిసి అడిగినవాళ్లే మిగులుతారు కాబట్టి షాపుకి వచ్చేవాళ్ల నిష్పత్తి మెరుగవుతుంది. ఎంక్వైరీల లక్ష్యాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే ఈ మంచి మార్పు నష్టంలా కనిపిస్తుంది.

మీది వేరే వ్యాపారమైతే

మైత్రీవనం పక్కన కోచింగ్ సెంటరుకి మగ్గం స్థానంలో సీట్లుంటాయి. అక్కడ మెట్లు వేరు: ఎంక్వైరీ, ఉచిత డెమో క్లాసుకి రావడం, ఫీజు కట్టడం. కొత్త బ్యాచ్ మొదలయ్యే తేదీ చుట్టూనే ఎంక్వైరీలు పెరుగుతాయి కాబట్టి నెలకి నెల కాక బ్యాచ్‌కి బ్యాచ్ పోల్చుకోవాలి. పంజాగుట్ట నగల షోరూముకి మూడు నెలల్లో ఖాతా ద్వారా ఎన్ని హారాలు అమ్ముడుపోయాయన్నది లక్ష్యంగా సరిపోదు. నగ కొనాలన్న నిర్ణయానికి చాలా ఇళ్లలో అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. షోరూముకి వచ్చి చూసి వెళ్లినవాళ్ల సంఖ్యే అక్కడ మూడు నెలల కొలత. ఏ వ్యాపారమైనా రెండు ప్రశ్నలతో మొదలవ్వాలి: ఇంకెంతమందికి చేయగలం? మొదటి మాటకీ డబ్బు చేతికి రావడానికీ మధ్య ఎన్ని రోజులు?

తొంభయ్యో రోజు ఏం చేయాలో ఒకటో రోజే రాయాలి

ఫలితం వచ్చాక నిర్ణయం తీసుకోవాలనుకుంటే మనసు తనకి నచ్చిన అంకెనే వెతుక్కుంటుంది. ఆర్డర్లు రాకపోతే ఫాలోవర్లు పెరిగారుగా అంటుంది. అందుకే పుస్తకం మొదటి పేజీలో, ఖాతా తెరిచిన రోజే, మూడు వాక్యాలు రాసిపెట్టుకోవాలి.

మూడో నెలలో మూడు ఆర్డర్ల కంటే తక్కువ వస్తే, ఎక్కడ తెగిందో గడుల్లో చూడాలి. ఎంక్వైరీలే రాకపోతే పోస్టులు మార్చాలి. ఎంక్వైరీలొచ్చి మనుషులు రాకపోతే రేటు, దారి, జవాబిచ్చే తీరు సరిచేయాలి. వచ్చి ఆర్డరివ్వకపోతే లోపం ఖాతాలో లేదు, షాపులో ఉంది. సరిచేశాక ఇంకో నెల చూసి, అప్పటికీ రాకపోతే వారానికి ఒక్క పోస్టుకి తగ్గించి ఆ గంటలు పనికి ఇవ్వాలి.

మూడు నుంచి ఆరు మధ్య వస్తే, వచ్చే మూడు నెలలకి అదే పద్ధతి. లక్ష్యం మాత్రం ఊహల నిష్పత్తి నుంచి కాక పుస్తకంలో తేలిన నిష్పత్తి నుంచి వేయాలి. మన షాపు భాద్రపదంలో నాలుగు తెచ్చుకుంది కాబట్టి ఇదే దాని దారి. మూడు నెలల్లో ఊళ్లోవాళ్ల ఎంక్వైరీలు 42, ఆర్డర్లు తొమ్మిది. అంటే ఒక ఆర్డరుకి అయిదు కంటే కొంచెం తక్కువ ఎంక్వైరీలు. రాబోయే ఆరు ఆర్డర్లకి ఊళ్లోంచి 28 ఎంక్వైరీలు చాలు, మొదట రాసుకున్న 36 అక్కర్లేదు.

ఆరు దాటి పది వైపు వెళ్తే, ప్రచారం మీద ఇంకో రూపాయి పెట్టేముందు మూడో మగ్గానికి చోటుందా, మూడో కారిగర్ దొరుకుతాడా చూసుకోవాలి. దొరికేదాకా బూస్ట్ బటన్ నొక్కకూడదు.